ముందు ఆఖరి పేజీ చదవండి

ఈ వారం నాకు చిరాకు తెప్పించిన మాట ఒకటుంది: "ఇది స్టాండర్డ్ క్లాజే." మిర్యాలగూడ నుంచి ఒక వ్యాపారి తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. చేతిలో ఒక విదేశీ కంపెనీ పంపిన డిస్ట్రిబ్యూషన్ అగ్రిమెంటు. దాన్ని వాళ్ల ఊళ్లో తెలిసినవాళ్లెవరో మొదటి పేజీ నుంచి వరసగా తెలుగులో చదివి వినిపించారట. ఎక్కడ ఆయన ఆగి అడిగినా ఆ చదివినవారి దగ్గర ఒకటే జవాబు. అది కంపెనీకి అలవాటైన క్లాజే కావచ్చు. దాని కింద కోట్లు పెట్టబోయేది మాత్రం ఈయన. ఈ కాలమ్‌ను మొదట్నించీ చదువుతున్నవాళ్లకు ఈ విషయంలో నా కోపం కొత్తది కాదు, ఇప్పట్లో తగ్గేదీ కాదు.

సరుకు ఏమిటంటే, బియ్యం మిల్లుల్లో వాడే కలర్ సార్టర్లు. మిల్లర్లందరూ సార్టెక్స్ అంటారు. జారుతున్న బియ్యంలో నల్ల గింజనీ పసుపెక్కిన గింజనీ కెమెరా కనిపెట్టగానే చిన్న గాలి వాల్వు ఊది దాన్ని పక్కకు నెట్టేస్తుంది. చైనాలో హెఫే నగరం ఈ యంత్రాలకు పెద్ద కేంద్రం. అక్కడి కంపెనీ ఒకటి తెలంగాణ, ఆంధ్ర రెండింటికీ కలిపి ఈయనకు ఏజెన్సీ ఇస్తానంటోంది.

"రెండు రాష్ట్రాలూ మనకే రాసిచ్చిండ్రు సార్. ఇగ వేరేటోళ్లు అమ్మనీకి లేదు," అన్నారాయన సంతోషంగా. షాపు ముందు పెట్టే బోర్డు డిజైను కూడా కొడుకు ఫోన్‌లో సిద్ధంగా ఉంది.

నా పద్ధతి మీకు తెలుసు. అగ్రిమెంటు తెరవను. ముందు గోడ క్యాలెండర్ బల్ల మీద పరుస్తాను. ఏ నెలలో ఎన్ని మెషీన్లు అమ్ముతారో ఆయన నోటితో చెప్పించి, పెన్సిల్‌తో రాస్తాను. ఆయన చెప్పిన లెక్క ఇది. వానాకాలం ధాన్యం మిల్లుకు రాకముందే మిల్లరు మెషీన్ బిగించుకోవాలి, కాబట్టి జులై నుంచి సెప్టెంబరు దాకా గిరాకీ. యాసంగి ధాన్యం రాకముందు, అంటే జనవరి నుంచి మార్చి దాకా మళ్లీ గిరాకీ. మిల్లు తిరగడం మొదలయ్యాక దాన్ని ఆపి మెషీన్ మార్చుకునేవాడు ఉండడు. కాబట్టి ఏప్రిల్ నుంచి జూన్, అక్టోబరు నుంచి డిసెంబరు దాదాపు ఖాళీ. ఆయన అంచనా ప్రకారం మొదటి త్రైమాసికంలో 18, రెండో దాంట్లో 3, మూడో దాంట్లో 21, నాలుగో దాంట్లో 2. మొత్తం 44.

అప్పుడు అగ్రిమెంటు తెరిచాం. ఏకహక్కు ఉన్న పేజీ దగ్గరకే వెళ్లాను, ఆయన మనసు అక్కడే ఉంది కనుక. కంపెనీ ఈ రెండు రాష్ట్రాల్లో ఇంకో డిస్ట్రిబ్యూటర్‌ను పెట్టదు అని ఉంది. బాగానే ఉంది. కానీ కంపెనీ తానే నేరుగా అమ్మకూడదని ఎక్కడా లేదు. పైగా మూడో షెడ్యూల్లో పెద్ద మిల్లుల జాబితా ఒకటి ఉంది, వాటికి కంపెనీయే అమ్ముతుంది, ఆ జాబితాను కంపెనీ తన ఇష్టప్రకారం మార్చుకోవచ్చు. దాని తర్వాత మిల్లు మొత్తాన్ని కట్టి ఇచ్చే ప్లాంటు కంపెనీల సంగతి. హర్యానాలోనో తమిళనాడులోనో ఉండే వాళ్లు ఎలివేటర్ నుంచి పాలిషర్ దాకా అన్నీ కలిపి ఒకే రేటు చెప్తారు, సార్టెక్స్ కూడా అందులోనే ఉంటుంది. వాళ్లకు హెఫే కంపెనీ అమ్మిన మెషీన్ మిర్యాలగూడలో దిగితే ఈయన చేయగలిగింది లేదు. రాయచూరు వైపు కర్ణాటక డిస్ట్రిబ్యూటర్ సరిహద్దు దాటి కర్నూలు మిల్లుకు అమ్మినా అంతే. ఎందుకంటే ఈ కాగితం కంపెనీని మాత్రమే కడుతుంది, కర్ణాటక వ్యాపారిని కట్టదు. అతని కాగితంలో కూడా హద్దు రాసి ఉంటేనే అతను ఆగుతాడు.

మరి ఎవరైనా దుబాయ్ నుంచి అదే అసలు మెషీన్ కొని తెచ్చి అమ్మితే? ట్రేడ్‌మార్క్ చట్టం కింద వాళ్లను ఆపించవచ్చు కదా అని కొడుకు అడిగాడు. శామ్‌సంగ్ ప్రింటర్ల కేసులో 2012లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్, అసలు సరుకును బయటి దేశంలో కొని ఇక్కడికి తెచ్చి అమ్మడం ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన కాదని తేల్చింది. ఆ దారి మీద ఆశ పెట్టుకోవద్దన్నాను.

ఇంతదాకా నేను వెళ్తున్నది పాత దారే. ఏకహక్కు అడగండి, దానికి ఉన్న చిల్లులన్నీ పూడ్చించుకోండి, కంపెనీ నేరుగా అమ్మితే కమిషన్ రాయించుకోండి, వచ్చిన ఎంక్వైరీలన్నీ మీకు పంపాలని పెట్టించండి. ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాసినదే. ఈయనకూ అదే చెప్పి పంపుదామనే కూర్చున్నాను. కానీ ఏకహక్కుకు కంపెనీ అడుగుతున్న ధర కనీస కొనుగోలు పేజీలో ఉంది. పెన్సిల్ లెక్క పక్కన పెట్టుకుని ఆ పేజీ చదివేసరికి మాట మారింది.

మొదటి ఏడాది కనీసం 40 మెషీన్లు కొనాలి. ఆయన 44 అమ్మగలనంటున్నారు కాబట్టి దీని గురించి ఇంతకుముందు ఎవరూ ఆగలేదు. కానీ ఆ 40ని త్రైమాసికానికి 10 చొప్పున విడగొట్టారు. ఏడాదిలో ఏ రెండు త్రైమాసికాల్లో తగ్గినా కంపెనీకి హక్కు వస్తుంది: ఏకహక్కు తీసేయొచ్చు, లేదా 30 రోజుల నోటీసుతో అగ్రిమెంటే తీసేయొచ్చు. ఏది చేసినా, తగ్గిన మెషీన్ల విలువలో 20 శాతం ఈయన కట్టాలి. ఇంకో సంగతి, లెక్కకు వచ్చేది ఆర్డరు తేదీ కాదు, ఓడ ఎక్కించాక ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ మీది తేదీ. అంటే ఈయన జూన్‌లో డబ్బు కట్టినా, ఫ్యాక్టరీలో ఆలస్యమై జులైలో ఓడ ఎక్కితే జూన్ లెక్కలో అది లేదు. ఆలస్యం కంపెనీది, లోటు ఈయనది.

క్యాలెండర్ మీద ఏం జరుగుతుందో చూడండి. మంచి సీజన్లలో 18, 21. అవి పదికి మించినవే, కానీ మిగులు తర్వాతి త్రైమాసికానికి కలవదు. ఖాళీ నెలల్లో 3, 2. అంటే 7, 8 తగ్గాయి, మొత్తం 15. మెషీన్ ధర 20 వేల డాలర్లు, డాలరు 85 రూపాయలనుకుంటే 17 లక్షలు. పదిహేను మెషీన్లంటే 2 కోట్ల 55 లక్షలు. అందులో 20 శాతం 51 లక్షలు. ఖర్చులన్నీ పోను మెషీన్‌కి లక్షా పాతిక వేలు మిగులుతుందని ఆయన లెక్క. 44 మెషీన్లకు 55 లక్షలు. కనీసం 40 అన్నచోట 44 కొన్న మనిషి, ఏడాది సంపాదన దాదాపు అంతా జరిమానాగా కట్టి, ఏకహక్కు కూడా పోగొట్టుకుంటాడు.

ఆ లెక్క చూసి తండ్రి చాలాసేపు ఏమీ అనలేదు. కొడుకు మాత్రం వెంటనే అన్నాడు: "డాడీ, ఖాళీ నెలల్ల కూడా కొనిపెట్టుకుందాం. సీజన్‌ల అమ్ముకోవచ్చు." చురుకైన పిల్లవాడు. వ్యాపారంలో అందరూ చేసేది అదే. దాని వల్ల ఏం జరుగుతుందో చెప్పాలంటే నేను గుంటూరు వెళ్లాలి.

నేను ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా ఉన్న రోజులవి. మిరప తోటలకు మందు కొట్టే ఇంజన్ స్ప్రేయర్ల డిస్ట్రిబ్యూటర్ ఒకాయన మా ఆఫీసుకు వచ్చేవారు. విదేశీ కంపెనీ సరుకు. ఆ పేరు మా వైపు రైతులెవరికీ తెలియని కాలంలో, ఊరూరా తిరిగి, తోటలోకి దిగి, తన చేత్తో మందు కొట్టి చూపించి అమ్మిన మనిషి. ఇంజన్ ఆగిపోయిందని సత్తెనపల్లి నుంచి కబురొస్తే మోటారు సైకిలు మీద కార్బురేటర్ పెట్టుకుని వెళ్లేవారు. ఏడాది చివర టార్గెట్ కలవకపోతే మిగిలిన సరుకు తనే కొనేసి గోడౌన్లో పెట్టుకునేవారు. కంపెనీవాళ్లకు ఆయనంటే చాలా ఇష్టం. బహుమతులు కూడా ఇచ్చారు.

ఒకరోజు ఒక ఉత్తరం వచ్చింది. ఫలానా క్లాజు ప్రకారం 30 రోజుల్లో మీ డిస్ట్రిబ్యూటర్‌షిప్ ముగుస్తుంది. కారణం లేదు, ఎందుకంటే ఆ క్లాజులో కారణం చెప్పాలని లేదు. గోడౌన్ నిండా స్ప్రేయర్లు. కొత్తగా వచ్చిన డిస్ట్రిబ్యూటర్‌కు కంపెనీ తక్కువ ధరకు కొత్త మోడల్ ఇచ్చింది, కాబట్టి ఈయన దగ్గరున్న పాత మోడల్‌ను ఎవరూ ముట్టుకోలేదు. స్పేర్లు కొత్తవాడికే వెళ్లాయి. రైతులు మాత్రం వారంటీ కార్డు పట్టుకుని ఈయన దగ్గరికే వచ్చేవాళ్లు, కార్డు మీద ముద్ర ఈయన షాపుది కనుక. ఆ జిల్లాలో ఆయన మాట పోవడం అంటే మామూలు విషయం కాదు. రైతు దగ్గర మాట పోకూడదని, ఆ స్పేర్లు కొత్త డిస్ట్రిబ్యూటర్ దగ్గరే పూర్తి ధరకు కొని ఊరికే వేసి ఇచ్చారు.

ఆయనకు కావలసింది డబ్బు కాదు, ఏజెన్సీ తిరిగి రావాలి. "నేను పెంచిన తోట అది, నన్నెలా తీసేస్తారండీ?" అని అడిగేవారు. మా సీనియర్ గారు అలమారా నుంచి ఒక పుస్తకం తీసి ఆయనకు తెలుగులో చెప్పారు. ఇండియన్ ఆయిల్‌కూ అమృత్‌సర్‌లోని ఒక గ్యాస్ ఏజెన్సీకీ మధ్య కేసు, 1991 లా రిపోర్టుల్లో ఉంటుంది. ఆ అగ్రిమెంటులోనూ 30 రోజుల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చని ఉంది. మధ్యవర్తి డిస్ట్రిబ్యూటర్‌షిప్ తిరిగి ఇమ్మన్నాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నోటీసుతో ముగించగలిగిన ఒప్పందాన్ని కోర్టు బలవంతంగా నడిపించదు, తప్పుగా తీసేశారని తేలినా దక్కేది ఆ 30 రోజుల నష్టమే అంది. అది విని ఆయన అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ పని నేర్పుతూనే ఉంది: "ఈ ముక్క నాకు సంతకం పెట్టే రోజున ఎవరూ చదవలేదేమండీ?" చదివే ఉంటారు. ఆఖరి పేజీల్లో, వినేవాడు అలిసిపోయాక చదివి ఉంటారు.

బెల్జియంలో 1961 నుంచి ఒక చట్టం ఉంది. తమ దేశంలో కాలపరిమితి లేకుండా ఏకహక్కుతో అమ్మే డిస్ట్రిబ్యూటర్‌ను తీసేయాలంటే తగినంత ముందు నోటీసు ఇవ్వాలి, లేదా పరిహారం కట్టాలి. అతను కట్టుకున్న గిరాకీకి కూడా లెక్క ఉంటుంది. మన దేశంలో డిస్ట్రిబ్యూటర్‌కు అలాంటి చట్టం లేదు. ఈ హెఫే అగ్రిమెంటుకు వర్తిస్తుందని రాసుకున్న సింగపూర్ చట్టంలోనూ లేదు. కాబట్టి మన వ్యాపారికి ఉండే రక్షణ కాగితంలో రాయించుకున్నంత మేరకే. సింగపూర్‌లో మధ్యవర్తి తీర్పు ఇస్తే ఇక్కడ మనల్నేం చేస్తారన్న ధీమా కూడా పనికిరాదు. 1958 న్యూయార్క్ ఒప్పందం కింద ఆ తీర్పును ఇక్కడి హైకోర్టు ద్వారా అమలు చేయించుకోవచ్చు.

ఇప్పుడు కొడుకు చెప్పిన ఉపాయం దగ్గరకు వద్దాం. లోటు పడకుండా 15 మెషీన్లు అదనంగా కొంటే 2 కోట్ల 55 లక్షల సరుకు, పైన కస్టమ్స్ సుంకం, బ్యాంకు వడ్డీ. జరిమానా తప్పుతుంది. కానీ ఈ అగ్రిమెంటులో ఏ తప్పూ లేకున్నా 60 రోజుల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చని ఇంకో క్లాజు ఉంది. ఆ ఉత్తరం అక్టోబరు మొదట్లో వచ్చిందనుకోండి. అరవై రోజులంటే సరిగ్గా మిల్లులు తిరిగే కాలం, ఒకటో రెండో తప్ప మెషీన్లు అమ్ముడు కావు. ముగింపు తర్వాత మిగిలిన సరుకును కంపెనీ కొనవచ్చు అని ఉంది, కొనాలి అని లేదు. బ్రాండు పేరు వాడకూడదు అని మాత్రం గట్టిగానే ఉంది. చెల్లించాల్సిన బాకీలన్నీ అదే రోజు కట్టాలి. అమ్మిన మెషీన్లకు రెండేళ్ల వారంటీ సర్వీసు ఈయనే చేయాలి, స్పేర్లు ముందుగా డబ్బు కట్టి అప్పటి ధరకు కొనాలి. కనీస కొనుగోలు ఆయన గోడౌన్‌ను నింపుతుంది, టెర్మినేషన్ ఆ సరుకును ఆయన నెత్తిన వదిలేస్తుంది. ఈ రెండు పేజీలకూ మధ్య పదకొండు పేజీల దూరం ఉంది కాబట్టి వరసగా చదివేవాడికి ఇవి కలిసి కనిపించవు. అందుకే నేను ఇక మీదట ఎవరికి చెప్పినా ముగింపు నుంచి వెనక్కి చెప్తాను: ముందు టెర్మినేషన్, తర్వాత కనీస కొనుగోలు, ఆఖరున ఏకహక్కు.

ఆ వరసలో వస్తే ఏకహక్కు పేజీ కూడా వేరుగా కనబడింది. ఆ పేజీలో రెండో వైపు ఉంది: అగ్రిమెంటు నడిచినంతకాలం ఈయన వేరే కంపెనీ సార్టర్లు అమ్మకూడదు. ఇది చెల్లుతుంది. కోకా కోలాకూ గుజరాత్ బాట్లింగ్ కంపెనీకీ మధ్య 1995 నాటి తీర్పులో సుప్రీంకోర్టు, ఒప్పందం నడుస్తుండగా ఇలాంటి కట్టడి వ్యాపార నిరోధం కిందికి రాదంది. మరి రెండు త్రైమాసికాల లోటు చూపించి కంపెనీ ఈయన ఏకహక్కు తీసేస్తే, ఈయన మీది కట్టడి కూడా పోతుందా? అగ్రిమెంటులో ఒక్క మాట లేదు. అంటే కంపెనీ పక్క షాపువాడికి కూడా అమ్ముకోవచ్చు, ఈయన మాత్రం ఇంకొకరి మెషీన్ ముట్టుకోకూడదు. ఈ ఒక్క వాక్యం లేకపోవడం ఈ కాగితంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదమని నా నమ్మకం. లేని వాక్యాన్ని ఎవరూ తెలుగులో చదివి వినిపించలేరు.

"మరి ఏం జేద్దాం సార్?" అన్నారాయన.

ఏకహక్కు వదిలేయండి అన్నాను. నా నోటి నుంచి ఆ మాట రావడం ఈ కాలమ్ పాఠకులకు వింతగా ఉంటుంది. కానీ చూడండి, చిల్లులున్న ఏకహక్కు కోసం ఆయన ఇస్తున్నవి మూడు: త్రైమాసిక లెక్క, 20 శాతం జరిమానా, వేరే మెషీన్ అమ్మనని మాట. ఏకహక్కు అడగకపోతే ఈ మూడూ అడగడానికి కంపెనీకి కారణం ఉండదు. మిర్యాలగూడలో ఆయన బలం కాగితంలో లేదు. సీజన్ నడుమ వాల్వు పోతే ఆరు గంటల్లో మనిషిని పంపగలగడం ఆయన బలం. ఆ పని చేయగలిగిన ఇంకో డిస్ట్రిబ్యూటర్ దొరకనంతకాలం కంపెనీ ఎవరిని పెట్టినా మిల్లరు ఈయన దగ్గరికే వస్తాడు. కంపెనీకి అది తెలుసు కాబట్టి ఏకహక్కుకు బదులు వేరేవి అడగొచ్చు. నోటీసు 180 రోజులు ఉండాలి, ఎందుకంటే ఏ తేదీన ఉత్తరం వచ్చినా ఒక గిరాకీ సీజన్ అందులో పడుతుంది. గత ఆరు నెలల్లో కొని అమ్ముడుపోని మెషీన్లను, పెట్టె విప్పనివాటిని, కొన్న ధరకే కంపెనీ తిరిగి తీసుకోవాలి. వారంటీ ఉన్న మెషీన్లకు స్పేర్లు ముగింపు తర్వాత కూడా ముగింపు రోజు ధరకే రావాలి. కనీసం ఎంతో ఉండాలని కంపెనీ పట్టుబడితే ఏడాదికి ఒకే లెక్క, ఆర్డరు తేదీ ప్రకారం, తగ్గితే జరిమానా కాదు, అగ్రిమెంటు ముగియడమే శిక్ష.

ఆయన ఒప్పుకోలేదు, కనీసం వెంటనే. బోర్డు మీద "తెలంగాణ, ఆంధ్రలకు ఏకైక డిస్ట్రిబ్యూటర్" అని ఉంటే బ్యాంకు మేనేజరు చూసే చూపు వేరుగా ఉంటుందని, మిల్లరు బేరం తగ్గిస్తాడని అన్నారు. అది నిజమే, ఆ విలువను నేను తక్కువ చేయను. చివరికి ఒక మధ్యమార్గం ఆయనే చెప్పారు: పాత నల్గొండ జిల్లా ఒక్కదానికే ఏకహక్కు, మిగతా చోట్ల మామూలుగా. అక్కడ తన మనుషులున్నారు, అక్కడ లోటు పడదు. బోర్డు మీద ఆ జిల్లా పేరు రాసుకుంటానన్నారు.

పోయేముందు నేను ఎప్పుడూ అడిగేది అడిగాను: ఇప్పుడు మీరు నాకు చెప్పండి, అక్టోబరులో ఉత్తరం వస్తే మరుసటి రోజు మీరేం చేస్తారు? తండ్రి ఆలోచించి, కొడుకుకు చెప్తున్నట్టుగా చెప్పారు. ఓడ మీదున్న సరుకు సంగతి కంపెనీకి మెయిల్ పెడతారు, గోడౌన్లో ఉన్నవాటికి సీరియల్ నంబర్లు రాసి తిరిగి తీసుకొమ్మంటారు, జనవరి సీజన్ అమ్మకాలు మొదలుపెడతారు, వారంటీ ఉన్న మిల్లుల జాబితా తీసి స్పేర్లు తెప్పించుకుంటారు. ఒక్కటి మరిచిపోయారు, అప్పటికే అడ్వాన్సు కట్టిన ఆర్డర్ల సంగతి. అది కొడుకు గుర్తు చేశాడు. అగ్రిమెంటులో చూస్తే దాని గురించి కూడా ఏమీ లేదు. కంపెనీకి పంపే మెయిల్‌లో అదీ చేర్చాం: ముగింపు నోటీసు తేదీకి డబ్బు అందిన ప్రతి ఆర్డరూ పాత ధరకే, పాత షరతులతోనే నెరవేర్చాలి.